వ్యాసాలు దిద్దే రూబ్రిక్ పట్టిక: ఇద్దరు దిద్దినా ఒకే మార్కు పడాలంటే

ప్రశ్న: 9వ తరగతికి తెలుగు చెబుతాను. మా బడిలో రెండు సెక్షన్లు, ఇద్దరు తెలుగు ఉపాధ్యాయులం. వ్యాసాలను 20 మార్కులకు దిద్దడానికి ఒక రూబ్రిక్ పట్టిక తయారుచేసుకున్నాం. విషయం, శైలి, భాష, సమగ్రత అని నాలుగు అంశాలు. అద్భుతం, బాగుంది, ఫర్వాలేదు, మెరుగుపడాలి అని నాలుగు స్థాయిలు. అయినా ఒకే వ్యాసానికి నేను 15 వేస్తే మా సహోపాధ్యాయురాలు 11 వేశారు. పట్టికలో లోపం ఎక్కడుంది? దాన్ని ఎలా రాసుకోవాలి?

సమాధానం:

ప్రధానమైన లోపం స్థాయిల వర్ణనలో ఉంది. అద్భుతం, బాగుంది, ఫర్వాలేదు అనేవి వ్యాసం చదివాక దిద్దేవారికి కలిగిన అభిప్రాయానికి పేర్లే తప్ప, కాగితం మీద ఏముందో చెప్పే మాటలు కావు. అందువల్ల మీరిద్దరూ పట్టిక లేనప్పుడు ఎలా దిద్దేవారో ఇప్పుడూ అలాగే దిద్దుతున్నారు; కాకపోతే ఒక్క అభిప్రాయాన్ని నాలుగు గడుల్లోకి పంచి రాస్తున్నారు.

ఇద్దరు నిజాయితీపరులైన ఉపాధ్యాయులకు ఇంత తేడా రావడం వింతేమీ కాదు. అమెరికాలో పరీక్షలు నిర్వహించే ఈటీఎస్ సంస్థ తరఫున ఫ్రెంచ్, కార్ల్‌టన్, డీడరిక్ అనే ముగ్గురు పరిశోధకులు 1961లో ఒక అధ్యయనం వెలువరించారు. కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థులు రాసిన 300 వ్యాసాలను 53 మంది చదివి, ఏ ప్రమాణాలూ ముందుగా చెప్పకుండానే, 9 శ్రేణులుగా వర్గీకరించారు. కనీసం 5 వేర్వేరు శ్రేణులు పడని వ్యాసం ఒక్కటి కూడా లేదు. నూటికి 94 వ్యాసాలకు 7 గాని అంతకంటే ఎక్కువ గాని వేర్వేరు శ్రేణులు పడ్డాయి. చదివినవారి వ్యాఖ్యలను విశ్లేషిస్తే, కొందరు ప్రధానంగా ఆలోచనకు, కొందరు నిర్మాణానికి, కొందరు పదాల ఎంపికకు, కొందరు రాతలోని తప్పులకు, మరికొందరు రచయిత గొంతుకకు విలువ ఇస్తున్నారని తేలింది. మీ 15, మీ సహోపాధ్యాయురాలి 11 వెనుక కూడా బహుశా ఇదే ఉంటుంది. రూబ్రిక్ పట్టిక చేయవలసిన పని ఈ విలువలను విడదీసి, ఒక్కొక్కదానికి ఎంత బరువు ఇవ్వాలో ముందే నిర్ణయించడం.

ఇక మీ అంశాల సంగతి. శైలి, భాష అనే రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. విషయం, సమగ్రత కూడా అంతే. వాక్యం తడబడితే మీరు శైలిలో ఒక మార్కు, భాషలో ఒక మార్కు తగ్గిస్తారు; మీ సహోపాధ్యాయురాలు ఒక్కచోటే తగ్గిస్తారు. రెండు అంశాలు నిజంగా వేరు అవునో కాదో తెలుసుకోవడానికి నేను ఒకటే ప్రశ్న వేసుకుంటాను: మొదటి అంశంలో పై స్థాయి అయిన 4, రెండో అంశంలో అట్టడుగు స్థాయి అయిన 1 రాగల వ్యాసాన్ని ఊహించగలనా? విషయంలో 4, రాత నియమాల్లో 1 వచ్చే వ్యాసం మనకు ప్రతి తరగతిలోనూ దొరుకుతుంది. శైలిలో 4, భాషలో 1 వచ్చే వ్యాసం దొరకదు. దొరకనప్పుడు ఆ రెండింటినీ కలిపివేయాలి.

అంశాలు ఖాయమయ్యాక చాలామంది వెంటనే గడులు నింపడం మొదలుపెడతారు. అంతకంటే ముందు వ్యాసం ప్రశ్నను చూడాలి. ‘నీటి ప్రాముఖ్యం’ అని అడిగితే గైడులోని వ్యాసం యథాతథంగా వస్తుంది. ఆ వ్యాసంలో పేరాలు చక్కగా ఉంటాయి, భాష శుద్ధంగా ఉంటుంది, ఉపోద్ఘాతం నుంచి ముగింపు వరకు అన్నీ ఉంటాయి. కంఠస్థం చేసిన పిల్లవాడికి 18, తన మాటల్లో రాసిన పిల్లకు 12 పడతాయి, ఏ పట్టికా దాన్ని ఆపలేదు. అందుకే ప్రశ్న ఇలా ఉండాలి: ‘మీ ఊరిలో గాని మీ వాడలో గాని నీరు వృథా అవుతున్న ఒక సందర్భాన్ని వివరించండి. దాన్ని ఆపడానికి ఎవరు ఏం చేయాలో రాయండి.’ ఇందులో రెండు స్పష్టమైన భాగాలు ఉన్నాయి, రెండూ గైడులో దొరకనివి. విషయం అనే వరుసలో వర్ణనలు ఈ రెండు భాగాలను పట్టుకునే రాస్తాం.

రాసేటప్పుడు 4తో మొదలుపెట్టవద్దు. ముందు 3 రాయండి. మీ తరగతిలో శ్రద్ధగా చదివే సాధారణ విద్యార్థి ఈ సమయానికి చేయగలిగిందే 3. తరువాత 2 రాయండి, ఎందుకంటే దిద్దేటప్పుడు చేయి ఆగిపోయేది ఎక్కువగా 2కూ 3కూ మధ్యనే. 4, 1 చివర్లో వస్తాయి. ఊహలో రాయడం కంటే, నిరుటి వ్యాసాలు ఓ పదో పన్నెండో తీసుకుని, మార్కులు వేయకుండా, ఒక్క అంశాన్నే దృష్టిలో పెట్టుకుని కుప్పలుగా విడదీసి, ఈ కుప్పలో ఉండి ఆ కుప్పలో లేనిది ఏమిటో రాసుకుంటే వర్ణన దానంతట అదే వస్తుంది. పై ప్రశ్నకు అలా తయారయ్యే పట్టిక సుమారుగా ఇలా ఉంటుంది:

| అంశం | 4 | 3 | 2 | 1 |
|---|---|---|---|---|
| విషయం (రెట్టింపు) | రెండు భాగాలకూ జవాబు ఉంది. రెండింటిలోనూ తాను చూసిన వివరం ఉంది. పరిష్కారం ఆ సందర్భానికే సరిపోయేది | రెండు భాగాలకూ జవాబు ఉంది. ఒకదానిలో వివరం ఉంది, రెండోది సాధారణ మాటల్లో ఉంది | ఒక భాగానికే జవాబు ఉంది, లేదా రెండూ ఏ ఊరికైనా సరిపోయే మాటల్లోనే ఉన్నాయి | నీటి గురించి వాక్యాలు ఉన్నాయి. అడిగినదానికి జవాబు లేదు |
| నిర్మాణం | ప్రతి పేరాకూ ఒకటే పని; పేరాలు తారుమారు చేస్తే వ్యాసం చెడుతుంది | పేరాలు విషయాన్ని బట్టి విడిపోయాయి; ఒక్కచోట మాత్రం వరుస తెగింది | పేరాలు ఉన్నాయి; కానీ చెప్పిందే మళ్లీ వచ్చింది, లేదా పేరాలు తారుమారు చేసినా తేడా లేదు | పేరా విభజన లేదు, వరుస దొరకదు |
| వాక్యం, పదం | ప్రతి వాక్యం మొదటిసారి చదవగానే అర్థమవుతుంది. విషయానికి తగిన ప్రత్యేక పదాలు ఉన్నాయి | అర్థమవుతుంది. ఒకటి రెండు వాక్యాల్లో పొందిక తప్పింది, లేదా పదాలన్నీ సాధారణమైనవే | రెండోసారి చదివితే గాని అర్థం కాని వాక్యాలు మూడు నాలుగు ఉన్నాయి | చాలా వాక్యాల్లో ఏం చెప్పదలిచారో తెలియదు |
| రాత నియమాలు | పేజీకి 2 తప్పులకు మించవు | పేజీకి 3 నుంచి 5 | పేజీకి 6 నుంచి 10 | పేజీకి 10 దాటాయి |

ఈ పట్టికలో ‘చక్కగా’, ‘సమర్థంగా’, ‘కొంతవరకు’ అనే మాటలు లేవని గమనించండి. అవి కనిపించిన ప్రతి గడీ ఇద్దరు ఉపాధ్యాయులు విడిపోయే చోటే. ఒక స్థాయికీ మరో స్థాయికీ మధ్య తేడా విశేషణం బలంలో కాకుండా, కాగితం మీద ఉన్నదానిలో ఉండాలి. నిర్మాణం వరుసలోని ‘తారుమారు’ పరీక్షను ఇందుకే పెట్టాను. వ్యాసంలో క్రమం ఉందా అని అడిగితే ఎవరి జవాబు వారిది. రెండో పేరానూ మూడో పేరానూ మార్చి చదివితే ఏమైనా చెడిందా అని అడిగితే ఇద్దరి జవాబూ దాదాపు ఒకటే అవుతుంది.

లెక్క పెట్టడం మాత్రం ప్రధానంగా చివరి రెండు వరుసలకే పరిమితం చేశాను. విషయం వరుసలో ‘మూడు ఉదాహరణలు ఉండాలి’ అని రాస్తే దిద్దడం సులువవుతుంది, కానీ పిల్లలు ఒక మంచి ఉదాహరణను విప్పి చెప్పడం మానేసి మూడింటిని ఒక్కో వాక్యంలో చుట్టేస్తారు. సామెతలు, సూక్తులు ఇన్ని ఉండాలనే నియమం కూడా ఇలాంటిదే. అది సందర్భంతో పనిలేని సూక్తుల వాడకాన్నే ప్రోత్సహిస్తుందని నా గట్టి అభిప్రాయం.

రాత నియమాల వరుసకు కొన్ని ఒప్పందాలు అవసరం. వాటిని పట్టిక కిందనే రాసుకోవాలి, లేకపోతే మీ మధ్య తేడాల్లో సగం ఇక్కడి నుంచే వస్తాయి. ఒకే పదాన్ని ఎన్నిసార్లు ఒకేలా తప్పు రాసినా అది ఒక్క తప్పే. తప్పులను పేజీకి లెక్కించాలి. అలా కాకుండా మొత్తంగా లెక్కిస్తే మూడు పేజీలు రాసిన పిల్లవాడు అర పేజీ రాసినవాడి కంటే నష్టపోతాడు. ఒత్తక్షరాల పొరపాట్లు, శ, ష, సల తికమక, ణ, నల తికమక, వట్రుసుడి బదులు రావత్తు, విడిచిపెట్టిన యవత్తు వంటివన్నీ ఇక్కడికే వస్తాయి. వీటికి మళ్లీ ‘వాక్యం, పదం’ వరుసలో మార్కు తగ్గించకూడదు. చేతిరాత అందానికి మార్కు లేదు, చదవలేకపోయిన పదాన్ని మాత్రం తప్పుగా లెక్కించవచ్చు.

మాండలికం గురించి కూడా ముందే ఒక మాట అనుకోవాలి, ఎందుకంటే ఇక్కడ అన్యాయం చాలా సులువుగా జరుగుతుంది. ‘వచ్చిండు’ అని రాసిన పిల్లవాడికి అది తప్పని కొట్టివేసే ఉపాధ్యాయులూ ఉన్నారు, సహజమని వదిలేసేవారూ ఉన్నారు. నా సూచన ఇది: ఎవరైనా అన్న మాటను కొటేషన్‌లో పెట్టి ఉన్నదున్నట్టు రాస్తే అది వివరానికి బలమే, తప్పు కాదు. ‘మా అమ్మమ్మ “నీళ్లు ఊకె పోతున్నయ్” అన్నది’ అనే వాక్యానికి మార్కు తగ్గించడానికి కారణమే లేదు. సొంత కథనంలో మాత్రం ఏ రూపం ఎంచుకున్నారో దానిలోనే నడవాలని అడగవచ్చు. ఒక పేరాలో ‘వచ్చిండు’, మరో పేరాలో ‘వచ్చెను’, ఇంకోచోట ‘వచ్చాడు’ ఉంటే దాన్ని పొందిక లోపంగా ‘వాక్యం, పదం’ వరుసలో చూడాలి.

ఇప్పుడు ఒక వ్యాసాన్ని దిద్ది చూద్దాం. ఒక విద్యార్థిని ఒక పేజీలో నాలుగు పేరాలు రాసిందనుకోండి. మొదటి పేరా ‘నీరు ప్రాణకోటికి ఆధారం, నీరు లేనిదే జీవం లేదు’ అని మొదలై అలాగే ముగుస్తుంది. రెండో పేరాలో తమ వీధి చివరి నీళ్ల ట్యాంకు వస్తుంది: తెల్లవారుజామున మోటరు వేస్తారు, ట్యాంకు నిండినా కట్టేసేవాళ్లు ఉండరు, ఏడింటికి తాను పాలు తేవడానికి వెళ్లేసరికి బడి గోడ దాకా బురద ఉంటుంది, ఆ బురదలో చిన్నపిల్లలు జారిపడుతుంటారు. మూడో పేరాలో భూమి మీద మూడు వంతులు నీరే ఉన్నా తాగేందుకు పనికొచ్చేది కొంచెమే కాబట్టి నీరు జీవాధారమని మళ్లీ చెబుతుంది. నాలుగో పేరా ‘ప్రజలందరూ చైతన్యవంతులు కావాలి, ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి’ అని ముగుస్తుంది. ‘నీళ్లు కాలువలోకి పోతుంది’ అనే వాక్యం ఒకటి ఉంది. ‘వృథా’ను నాలుగుసార్లూ ‘వ్రుధా’ అని రాసింది. ‘అదికారులు’, ‘భాద్యత’, ‘నిర్లక్షం’ ఒక్కొక్కసారి ఉన్నాయి.

విషయంలో సందర్భం నిజంగా చూసింది, వివరం ఉంది. పరిష్కారం ఏ ఊరికైనా సరిపోయేది. పట్టిక ప్రకారం 3, రెట్టింపు చేస్తే 6. మోటరు కట్టేసే పని ఫలానావారికి అప్పగించాలనో, ట్యాంకు నిండితే మోటరు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు పంచాయతీ చేయించాలనో ఒక్క వాక్యం రాసి ఉంటే 4 వచ్చేది. నిర్మాణంలో దిద్దేవారికి తటపటాయింపు కలుగుతుంది, ఎందుకంటే పేరాలు కంటికి చక్కగా కనిపిస్తాయి. కానీ మొదటి పేరా చెప్పిందే మూడో పేరా చెబుతోంది, ఆ రెండింటినీ తారుమారు చేసినా ఏమీ చెడదు, కాబట్టి 2. వాక్యం, పదం వరుసలో ఒక చోట పొందిక తప్పింది, మిగతాదంతా అర్థమవుతుంది, 3. రాత నియమాల్లో వేర్వేరు తప్పులు నాలుగు; 3. మొత్తం 14.

పాత పట్టికతో ఇదే కాగితాన్ని దిద్ది ఉంటే ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు. ట్యాంకు పేరా నచ్చినవారు 15 దాటేవారు. ‘వ్రుధా’ నాలుగుసార్లు కళ్లబడ్డవారు ఏడు తప్పులు లెక్కపెట్టి, ఆ చికాకు మిగతా గడుల్లోకి కూడా పాకి, 11 దగ్గర ఆగేవారు. ఇప్పుడు ఆ పిల్లకు చెప్పడానికి కూడా రెండు నిర్దిష్టమైన మాటలు ఉన్నాయి: మూడో పేరా తీసేయాలి, నాలుగో పేరాలో ఎవరు ఏం చేయాలో ట్యాంకును దృష్టిలో పెట్టుకుని రాయాలి.

లెక్క విషయంలో ఒక జాగ్రత్త అవసరం. విషయం రెట్టింపు కావడంతో గరిష్ఠం 8+4+4+4, అంటే 20. అన్నింటా 3 వస్తే 15, అన్నింటా 2 వస్తే 10, అన్నింటా 1 వచ్చినా 5. ఈ చివరి సంఖ్య చూసి కొందరు 1కి బదులు 0 నుంచి మొదలుపెడతారు. అప్పుడు నాలుగు స్థాయిలకు 0, 1, 2, 3 వచ్చి, మొత్తం 15కే సరిపోయి, 20కి మార్చేటప్పుడు భిన్నాలు వస్తాయి. దాని బదులు, ఖాళీ కాగితానికి, పూర్తిగా వేరే విషయం రాసినదానికి పట్టికతో సంబంధం లేకుండా 0 అని విడిగా నియమం పెట్టుకోవడం మేలు. 1, 2, 3, 4 ఉంచేయండి. అర మార్కులు మాత్రం వద్దు. 2.5 వేయాలనిపించిందంటే వర్ణనలో ఏదో తేలలేదని అర్థం. ఆ కాగితాన్ని పక్కన పెట్టి, ఇద్దరూ కలిసి చూసి, గడిలోని మాటలనే సవరించాలి.

పట్టిక రాయడంతో పని సగమే అవుతుంది. అసలు దిద్దుబాటుకు ముందు రెండు సెక్షన్ల నుంచి మూడేసి కాగితాలు, ఒకటి బాగున్నది, ఒకటి మధ్యస్థం, ఒకటి బలహీనమైనది తీసుకుని, పేర్లు కనబడకుండా, మీరిద్దరూ విడివిడిగా దిద్దండి. మార్కులు కాగితం మీద వేయకుండా వేరే చీటీ మీద రాయండి, లేకపోతే రెండోవారు మొదటివారి మార్కు చూసి జరుగుతారు. తరువాత మొత్తాలను కాదు, గడులను పోల్చండి. మొత్తం ఇద్దరికీ 14 వచ్చినా ఒకరి విషయం 4, మరొకరి విషయం 2 అయి ఉండవచ్చు; అది ఏకాభిప్రాయం కాదు. ఒక గడిలో ఒక స్థాయి తేడా అప్పుడప్పుడు వస్తుంది, దాన్ని భరించవచ్చు. కానీ రెండు స్థాయిల తేడా వస్తే, లేదా ఒకే వరుసలో మళ్లీ మళ్లీ ఒక స్థాయి తేడా వస్తే, ఎవరు సరైనవారని వాదించుకోకుండా, ఏ మాటను ఎవరు ఎలా అర్థం చేసుకున్నారో అడగండి. ఉపశీర్షికలు ఉంటే నిర్మాణం ఉన్నట్టేనని ఒకరు, లేదని మరొకరు అనుకుని ఉండవచ్చు. అప్పుడు ‘ఉపశీర్షికలకు మార్కు లేదు’ అనే ఒక వాక్యం పట్టిక కిందికి చేరుతుంది. ఇలా అంగీకారానికి వచ్చిన ఆరు కాగితాలను నకలు తీసి దాచుకోండి. 3 అంటే ఏమిటో వర్ణన కంటే ఆ కాగితమే స్పష్టంగా చెబుతుంది, దిద్దుతూ దిద్దుతూ అలసిపోయినప్పుడు దాన్ని ఒకసారి చూసుకుంటే చేయి మళ్లీ దారికి వస్తుంది.

దిద్దడం పూర్తయ్యాక మార్కుల జాబితాను అడ్డంగా, నిలువుగా చదవండి. నిలువుగా చూసినప్పుడు ఒక వరుసలో దాదాపు అందరికీ 3 ఉంటే ఆ వరుస పిల్లలను విడదీయడం లేదు, దాని 2, 3 వర్ణనలు మళ్లీ రాయాలి. అడ్డంగా చూసినప్పుడు ప్రతి విద్యార్థికీ నాలుగు అంకెలూ ఒకటే, 3-3-3-3, 2-2-2-2, అయితే మీరు నాలుగు అంశాలు చూడలేదు; మొదటి పేరా చదివి ఒక అభిప్రాయానికి వచ్చి దాన్నే నాలుగు గడుల్లో నింపారు. దీనికి మందు దిద్దే క్రమాన్ని మార్చడం. వ్యాసాన్ని ఒకసారి పూర్తిగా చదివి విషయం, నిర్మాణం మాత్రం వేసి పక్కన పెట్టాలి. అందరివీ అయ్యాక కట్టను తిరగేసి, చివరి కాగితంతో మొదలుపెట్టి ‘వాక్యం, పదం’, రాత నియమాలు వేయాలి. సమయం కొంత ఎక్కువ పడుతుంది. ఒక్కో సెక్షన్‌లో 60 మంది ఉన్నచోట ప్రతి యూనిట్‌కూ ఇది సాధ్యం కాదని నాకు తెలుసు. అలాంటప్పుడు ఏడాదిలో రెండు వ్యాసాలకే పూర్తి పట్టిక వాడి, మిగతావాటికి ఒక్క విషయం వరుసతోనో ఒక్క నిర్మాణం వరుసతోనో దిద్దడం, అన్నింటికీ పైపైన నాలుగు వరుసలు నింపడం కంటే నయం.

కొన్నిసార్లు పట్టిక 13 అంటుంది, మీ మనసు ఇది 17 వ్యాసమని గట్టిగా చెబుతుంది. అప్పుడు గడులను సర్ది 17 చేయవద్దు, అలా చేస్తే ఆ కాగితానికి మిగతావాటికి లేని కొలత వాడినట్టవుతుంది. 13 ఉంచి, మీకు అంతగా నచ్చింది ఏమిటో పక్కన రాయండి. అలాంటి కాగితాలు రెండు మూడు పోగయ్యాక చూస్తే, వాటన్నింటిలో ఉన్నదీ పట్టికలో లేనిదీ తెలుస్తుంది. అది బహుశా పిల్లల సొంత గొంతుక అయి ఉంటుంది. వచ్చే వ్యాసానికి దాన్ని ఏదో ఒక గడిలోకి తీసుకురావచ్చో లేదో అప్పుడు ఇద్దరూ ఆలోచించండి.

పట్టికను పిల్లలకు పరీక్షకు ముందే ఇవ్వండి. కేవలం గోడకు అంటించడం కాదు, నిరుటి వ్యాసం ఒకటి పేరు లేకుండా చదివి వినిపించి, విషయం వరుసలో ఎంత వేస్తారో, ఎందుకో వాళ్లనే అడగండి. తరువాతి వ్యాసానికి ప్రశ్న మారుతుంది కాబట్టి విషయం వరుస మాత్రం మళ్లీ రాయాలి. మిగతా మూడు వరుసలనూ ఏడాది పొడవునా కదపకుండా ఉంచితే, జూన్‌లో నిర్మాణంలో 2 వచ్చిన పిల్లకు ఫిబ్రవరిలో 3 వచ్చినప్పుడు ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూపించగలుగుతారు.